బండి చూపించకుండానే బజానా అడుగుతున్నాడు, కట్టమంటారా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను, రోజూ బండి మీద తిరగాలి. ఆన్‌లైన్‌లో 2021 మోడల్ 150 సీసీ బైకు 42 వేలకి కనబడింది. ఇక్కడ కన్సల్టెన్సీల్లో అదే బండి 65 వేలకి తక్కువ చెప్పట్లేదు. ఓనరు మిలిటరీలో చేస్తాడట, విశాఖ నుంచి జమ్మూకి ట్రాన్స్‌ఫర్ అయిందట. ఆరు ఫొటోలు, సీ బుక్కు, ఆధార్, క్యాంటీన్ కార్డు పంపించాడు. నంబరు యాప్‌లో కొట్టి చూస్తే మోడలు, రిజిస్ట్రేషన్ తేదీ, పేరులో కనిపించిన అక్షరాలు అన్నీ కలిశాయి. 3,100 టోకెన్ కడితే బండి పక్కన పెడతాడట, లేదంటే సాయంత్రానికి వేరేవాళ్లకి ఇచ్చేస్తాడట. చూడ్డానికి వస్తానంటే క్యాంపులోకి బయటివాళ్లని రానివ్వరంటున్నాడు. మిగతా డబ్బు బండి పార్సిల్లో ఇంటికొచ్చాక ఇస్తే చాలట. మా బావ ఆగమంటున్నాడు. కట్టమంటారా?

సమాధానం: కట్టకండి. మీ బావగారి మాట వినండి. బండి ఎక్కడో నిజంగా ఉండొచ్చు, దాని నంబరూ నిజమే కావచ్చు. కానీ అది ఈ మనిషి దగ్గరే ఉందని చెప్పే ఆధారం ఇప్పటికి మీ చేతిలో ఒక్కటీ లేదు. మీకు నమ్మకం కుదిరింది యాప్ చూశాక కాబట్టి ముందు దాని సంగతే చెప్పుకుందాం. జాగ్రత్తగా ఉండేవాళ్లు కూడా దెబ్బతినేది అక్కడే.

mParivahan లో నంబరు కొడితే వచ్చేది రవాణా శాఖ దగ్గరున్న బండి వివరం. ఆ నంబరు మీద ఏ మోడల్ బండి ఎప్పుడు రిజిస్టరైంది, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, ఫైనాన్స్ ఏమైనా ఉందా అన్నది చెబుతుంది. ఓనరు పేరు కూడా పూర్తిగా చూపించదు, కొన్ని అక్షరాలు దాచేస్తుంది. మీతో ఫోన్లో మాట్లాడుతున్న మనిషి ఆ పేరుగల మనిషేనా అన్నది దానికి తెలిసే దారి లేదు. మోసం చేసేవాళ్లు ఈ సందులోంచే దూరతారు. ఎక్కడో నిజంగా బండి అమ్మకానికి పెట్టినాయనకి కొనేవాళ్లలాగా ఫోన్ చేస్తారు. ఇంకో రెండు ఫొటోలు తీసి పెట్టండి, సీ బుక్కు కూడా పంపండి అంటారు. ఆయన పాపం పంపిస్తాడు. అవే ఫొటోలు, అదే సీ బుక్కు, ధర మాత్రం మూడో వంతు తగ్గించి తమ ఫోన్ నంబరుతో మళ్లీ పెడతారు. అందుకే యాప్‌లో అన్నీ కలుస్తాయి.

ఆధార్, క్యాంటీన్ కార్డు సంగతీ అంతే. అవి ఇంతకుముందు ఎవరో నమ్మి పంపుకున్న కార్డులు అయ్యుండొచ్చు. మీ ఆధార్ అడిగితే మాత్రం పంపకండి. పంపితే రేపు ఇంకో ఊళ్లో ఎవరికో బండి అమ్మే మిలిటరీ మనిషిగా మీ ఫొటోయే వెళ్తుంది. సీ బుక్కు ఇందులో ఉంది, తెరిచి చూసుకోండి అని ఏదైనా ఏపీకే ఫైలు పంపినా ముట్టుకోకండి. సీ బుక్కు చూపించడానికి ఫొటో సరిపోతుంది. ఫోన్లో యాప్ ఎక్కించాల్సిన పని లేదు, అలాంటి ఫైలు ఎక్కిస్తే మీ ఓటీపీలు వాళ్లకి కనబడే ప్రమాదం ఉంది.

కాబట్టి మీరు తేల్చుకోవాల్సింది కాగితాలు నిజమైనవా కాదా అన్నది కాదు, ఆ మనిషి ఇప్పుడు ఆ బండి పక్కన నిలబడగలడా లేదా అన్నది. అది రెండు నిమిషాల వీడియో కాల్‌లో తేలిపోతుంది, కాకపోతే కాల్ ఎలా నడపాలో తెలిసుండాలి.

మోటార్‌సైకిళ్లకి ఛాసిస్ నంబరు ఎక్కువగా హ్యాండిల్ కింద, ముందు ఫోర్కు తిరిగే గొట్టం మీద కొట్టి ఉంటుంది. హ్యాండిల్ ఒక పక్కకి పూర్తిగా తిప్పితే కనిపిస్తుంది. మొత్తం 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి, వాటిలో I, O, Q రావు. కాల్ కలిశాక ముందు నంబరు ప్లేటు చూపించమనండి. అక్కణ్ణించి కాల్ కట్ చేయకుండా, కెమెరా పక్కకి తిప్పకుండా ఛాసిస్ నంబరు దగ్గరికి తీసుకెళ్లమనండి. చివరి ఐదంకెలు అతను పంపిన సీ బుక్కులోని వాటితో కలుస్తున్నాయో లేదో అప్పటికప్పుడే చూసుకోండి. తర్వాత తాళం తిప్పి మీటరు చూపించమనండి. ఆఖర్న అతను ఊహించని చిన్న పని ఒకటి చెప్పండి: ఎడమ ఇండికేటర్ వేయండి, రెండుసార్లు హారన్ కొట్టండి. ముందే తీసి పెట్టుకున్న వీడియోని కాల్‌లో ఆడించేవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. సిగ్నల్ లేదు, రికార్డు చేసి పంపుతాను అంటే ఒప్పుకోకండి. ఆ రికార్డు అసలు ఓనరు దగ్గర అడిగి తీయించుకున్నదే కావచ్చు.

కాల్ బాగా జరిగినా డబ్బు పంపే వేళ ఇంకా రాలేదు. బండి ఉందని తెలిసింది కాబట్టి విశాఖ వెళ్లి చూడ్డం దండగ కాదని మాత్రమే అర్థం.

క్యాంపులోకి బయటివాళ్లని రానివ్వరన్న మాట నిజమే, అందుకే అది అతనికి బాగా పనికొస్తోంది. కానీ మీరు లోపలికి వెళ్లక్కర్లేదు. బండిని గేటు బయటికి, రోడ్డు మీద టీకొట్టు దగ్గరికో పెట్రోలు బంకు దగ్గరికో తీసుకొస్తే చాలు. రోజూ వాడుకునే బండిని ఓనరు బయటికి తేలేకపోవడమన్నది ఉండదు. మీరు తాడేపల్లిగూడెంలో తెల్లవారుజామున రైలెక్కితే మధ్యాహ్నానికల్లా విశాఖలో ఉంటారు. అక్కడ చదువుకునే తమ్ముడో, గాజువాకలో పనిచేసే చుట్టమో ఉంటే మీకా ప్రయాణం కూడా తప్పుతుంది. "మా తమ్ముడు గంటలో గేటు దగ్గరికి వస్తాడు" అని ఒక్కసారి అనిచూడండి. నిజంగా అమ్ముకునేవాడైతే టైము చెబుతాడు. కాకపోతే కోపం తెచ్చుకుంటాడు, లేదా ఇప్పుడే డ్యూటీకి పిలిచారంటాడు.

పార్సిల్ మాటకొస్తే, జవాన్లు అమ్ముకున్న సొంత బళ్లని కొన్నవాళ్ల ఇళ్లకి చేర్చే సర్వీసు ఆర్మీకి లేదు. ఆర్మీ గుర్తు వేసి, బండి నంబరు, మీ అడ్రసు టైపు చేసిన రసీదు వాట్సాప్‌లో వస్తే అది ఎవరో కూర్చుని తయారుచేసిందే. బళ్లని రైల్వే పార్సిల్లో పంపడం ఉన్నదే. పంపేవాళ్లు స్టేషన్‌లోని పార్సిల్ ఆఫీసుకి బండితో వెళ్లి, సీ బుక్కు నకలు, గుర్తింపు కార్డు ఇచ్చి, ట్యాంకులో పెట్రోలు తీసేసి, గోనెపట్టా చుట్టించి బుక్ చేసుకోవాలి. ఆ పని చేయడానికి కూడా ముందు బండి గేటు దాటి రావాలి కదా. గేటు బయటికి తేలేనన్న మనిషి పార్సిల్ మాత్రం చేస్తాననడంలోనే అతుకు కనిపిస్తోంది.

ఇప్పుడు 3,100 కడితే ఏం జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే పోతే మూడు వేలేగా అని చాలామంది అక్కడే జారతారు. టోకెన్ అందిన మర్నాడు బండి బయల్దేరిందని రసీదు వస్తుంది. ఆ తర్వాత డ్రైవరునంటూ ఇంకొకడు ఫోన్ చేసి రవాణా ఛార్జీ కింద ఐదు వేల చిల్లర అడుగుతాడు, బండి దిగాక బిల్లులో తగ్గిస్తామంటాడు. అది కట్టాక రాజమండ్రి దాటాం, జీఎస్టీ కట్టకపోతే బండి ఆపేస్తారు, ఇది మళ్లీ మీ ఖాతాలోకే వచ్చేస్తుంది అంటారు. తర్వాత ఇన్సూరెన్స్ అంటారు, లేటు ఫీజు అంటారు. ప్రతిసారీ అడిగేది చిన్న మొత్తమే, ఇదే ఆఖరు అనే చెబుతారు. ఇప్పుడు ఆగితే ఇంతవరకు కట్టింది పోతుందన్న బాధే మనిషి చేత తర్వాతది కట్టిస్తుంది. అలా మూడు వేలతో మొదలైంది కొన్ని రోజుల్లోనే పాతిక, ముప్ఫై వేలకి చేరుతుంది. చివరికి డబ్బు వెనక్కి ఇమ్మని మీరు గట్టిగా అడిగితే, రీఫండ్ కోసమని ఒక క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు మీ ఖాతాలోంచి పోయినట్టే.

మీ దగ్గర ఇప్పుడే పరీక్షించదగ్గది ఇంకొకటి ఉంది. అతనిచ్చిన యూపీఐ నంబరు కొట్టండి, డబ్బు మాత్రం పంపకండి. పిన్ అడిగేముందే బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు తెర మీద కనిపిస్తుంది. అది సీ బుక్కులో పేరు కాకపోతే కారణమేంటని అడగండి. అది మా ఆఫీసరు ఖాతా అనో, క్యాంటీన్ క్లర్కుదనో అంటే మాట్లాడ్డం ఆపేయండి. సీ బుక్కులో ఎవరి పేరుందో వాళ్ల ఖాతాకి తప్ప బండి డబ్బు, అది టోకెనైనా సరే, ఇంకెవరి ఖాతాకీ వెళ్లకూడదు. పేరు కలిసినా అప్పుడే పంపమని కాదు. చూసేదాకా ఆగాల్సిందే.

మన వైపు బజానా అంటే ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. కొబ్బరి వర్తకుడు తోటలోకి దిగి, గెలలు చూసుకుని, దింపుకి ఎన్ని కాయలు వస్తాయో లెక్క కట్టుకుని, ధర కుదిరాకే బజానా చేతిలో పెడతాడు. బేరం కుదిరింది, ఇక ఇంకొకరికి ఇవ్వకు అని చెప్పడానికి ఇచ్చే డబ్బు అది. చూడ్డానికి ఇచ్చే డబ్బు కాదు. బండికీ అదే వరస. ఏం చెప్పినా సరే ముందు టోకెనే అనేవాళ్ల దగ్గర కుదిరిన బేరమంటూ ఇంకా ఏదీ లేదు.

అయితే ముందే టోకెన్ అడిగే ప్రతి ఒక్కరూ దొంగలే అనలేం. భీమవరంలోనో తణుకులోనో కన్సల్టెన్సీ పెట్టుకున్నవాళ్లకి, వస్తాం వస్తాం అని రానివాళ్లతో నిజంగానే విసుగు ఉంటుంది. బండి దాచి ఉంచి మంచి బేరం పోగొట్టుకోవడం వాళ్లకి నష్టమే. అలాంటివాళ్లతో "రేపు పదింటికి మెకానిక్‌ని వెంటబెట్టుకుని వస్తాను, నచ్చితే అక్కడే బజానా ఇస్తాను" అనండి. షాపు, బండి, మనిషి కళ్లెదుట ఉంటారు కాబట్టి మాటకి విలువ ఉంటుంది. చూశాక నచ్చింది, కానీ మిగతా డబ్బు సర్దుకోవడానికి నాలుగు రోజులు పడుతుంది అనుకుంటే అప్పుడు టోకెన్ ఇవ్వడం సబబే. ఈ ధర బండికి వెయ్యి, రెండు వేలు చాలు.

కాగితం మాత్రం రాయించుకోండి, తెల్ల కాగితం మీదైనా సరే. బండి నంబరు, ఛాసిస్ చివరి ఐదంకెలు, కుదిరిన ధర, ఇచ్చిన టోకెన్, మిగతాది ఏ తేదీలోగా కట్టాలి అన్నవి రాయించి, ఆ కింద ఈ వాక్యం పెట్టించండి: "సీ బుక్కు, ఫైనాన్స్ ఎన్‌ఓసీ సరిగా లేకపోయినా, పేరు మార్పిడి జరగకపోయినా టోకెన్ మొత్తం మూడు రోజుల్లో తిరిగి ఇవ్వవలెను." ఈ వాక్యం లేకపోతే మీరు వెనక్కి తగ్గారు కాబట్టి టోకెన్ మునిగిపోయింది అనేస్తారు. ఇద్దరి సంతకాలూ చేసి, ఆ కాగితం ఫొటో ఒకరికొకరు వాట్సాప్‌లో పంపుకోండి. తేదీ, టైముతో సహా అది నిలుస్తుంది.

ఇంతకీ కళ్లతో చూడకుండా కొనకూడదని పట్టుబట్టడానికి మోసం ఒక్కటే కారణం కాదు. మీది డెల్టా, మీ పని రొయ్యల చెరువుల మీద. 2021 బండి అంటే 2022 జూలై వరదకి అది రోడ్డు మీద ఉంది. అప్పుడు ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన నీళ్లకి లంక గ్రామాలు మునిగాయి. మునిగిన బండిని కడిగి, పాలిష్ పెట్టి ఫొటో తీస్తే కొత్త బండిలాగే ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే మాత్రం దాగదు. మీటరు అద్దం లోపల ఆవిరి పట్టిన మరక, హెడ్‌లైట్ రిఫ్లెక్టర్ అడుగున సన్నటి ఒండ్రు గీత కనిపిస్తాయి. సీటు తీసి వైర్ల జాయింట్ ఒకటి విప్పితే రాగి తీగ మీద పచ్చటి బూజులాంటి పొర ఉంటుంది. అది ఉంటే స్టార్టింగ్, లైట్ల తిప్పలు ఇప్పుడు లేకపోయినా ముందు ముందు తప్పవు. ఉప్పునీటి చెరువుల మీద తిరిగిన బళ్లకైతే కింద నుంచి తుప్పు మొదలవుతుంది. స్టాండు బిగించే చోట, సైలెన్సర్ అతుకుల దగ్గర, వెనక చక్రాన్ని పట్టుకునే ఫోర్కు అడుగున వేలితో రుద్ది చూడండి, పెంకులు పెంకులుగా రాలితే వదిలేయండి. సముద్రపు గాలి తగిలే ఊళ్ల బళ్లకీ ఇదే బాధ.

ఛాసిస్ నంబరుని కూడా అప్పుడే వేలితో తడమండి. కంపెనీ కొట్టిన అంకెలు ఒకే లోతులో, ఒకే ఎడంలో ఉంటాయి. చుట్టూ గీకిన గీతలున్నా, అక్కడ మాత్రమే కొత్త పెయింటు మెరుస్తున్నా, ఒక అంకె పక్కకి ఒరిగినట్టున్నా ఆ బండి జోలికి పోవద్దు. దొంగబండి కొన్నారంటే బండి పోలీసులకి పోతుంది, డబ్బు అమ్మినవాడికి పోతుంది.

కాగితాల్లో మీరు ముందు పట్టుకు చూడాల్సింది ఫైనాన్స్ సంగతి. యాప్‌లో ఫైనాన్సర్ పేరు కనిపిస్తే అప్పు తీరిందని నోటి మాట చాలదు. ఆ సంస్థ ఇచ్చిన ఎన్‌ఓసీ, వాళ్ల సంతకంతో ఫారం 35 కావాలి. ఇవి లేకుండా బండి మీ పేరుకి మారదు. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 మీద అమ్మినాయన సంతకాలు ఆయన ఎదురుగా ఉండగానే పెట్టించుకోండి. జమ్మూ వెళ్లిపోయాక సంతకం కోసం ఆయన్ని పట్టుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. నిజమైన జవానే అమ్ముతున్నా సరే ఎదురుగా కూర్చుని కొనమనేది ఇందుకు కూడా.

ఈ ఉత్తరం రాశాక మనసు మారి ఇప్పటికే కట్టేసి ఉంటే, ఇది చదవడం ఆపి 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాల మీద ఫిర్యాదు తీసుకునే నంబరు అది. మీ ఫోన్లో ఆ చెల్లింపు తెరిస్తే 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు ఉంటుంది. అది, డబ్బు వెళ్లిన టైము, అవతలి యూపీఐ ఐడీ, ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి. తొందరెందుకంటే మీ డబ్బు పడిన ఖాతా అతనిది కాదు, ఎవరి పేరు మీదో వాడుకుంటున్నది. అందులోంచి నిమిషాల్లో ఇంకో ఖాతాకి, అక్కణ్ణించి ఏటీఎంకి పోతుంది. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగా ఫిర్యాదు చేరితే బ్యాంకు దాన్ని అక్కడే ఆపగలదు. మర్నాడు చేస్తే ఆపడానికి ఏమీ మిగలకపోవచ్చు. ఫోన్ అయ్యాక cybercrime.gov.in లో ఫిర్యాదు పూర్తి చేసి ఆ నంబరు రాసుకోండి, మీ బ్యాంకుకీ చెప్పండి. చాటింగ్ చెరపకండి, అతన్ని బ్లాక్ చేసేముందు స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ఆ తర్వాత కొన్నాళ్లకి, మీ డబ్బు ఇప్పిస్తాం, ఫీజు ముందు కట్టండి అని ఎవరైనా ఫోన్ చేస్తే అది కూడా ఇలాంటి బేరమే. ఫిర్యాదు చేసినందుకు 1930 వాళ్లు ఫీజు తీసుకోరు.

ఇంకా కట్టలేదు కాబట్టి ఈ సాయంత్రంలోగా అతనికి ఈ మెసేజ్ పెట్టండి: "అన్నా, బండి నచ్చింది. మా తమ్ముడు రేపు ఉదయం తొమ్మిదింటికి మీ గేటు బయటికి వస్తాడు. బండి, ఒరిజినల్ సీ బుక్కు చూపించండి. అంతా సరిపోతే అక్కడికక్కడే సీ బుక్కులో పేరున్న ఖాతాకి పది వేలు వేస్తాను." అతను అడిగింది 3,100, మీరు ఇస్తానంటున్నది పది వేలు. నిజంగా బండి అమ్ముకోవాలనుకునే మనిషికి ఇంతకంటే మంచి కబురు ఉండదు. దానికీ ముందు 3,100 వేయమనే జవాబొస్తే అతని దగ్గర బండి లేదు. నంబరు బ్లాక్ చేసి, ఆ ప్రకటన ఉన్నచోటే రిపోర్ట్ కొట్టండి. ఆదివారం మీ బావగారిని తీసుకుని కన్సల్టెన్సీకి వెళ్లి, ఆ 65 వేల బండినే హ్యాండిల్ తిప్పి, సీటు ఎత్తి చూడండి. మీటరు అద్దం, వైర్ల జాయింట్లలో లోపం ఏదైనా కనబడితే ధర తగ్గించమని అడగడానికి అదే దారి.